వర్షం, పని లేదు

సైట్ డైరీలు తిరగేస్తే తరచూ కనబడే వాక్యం ఇది: "వర్షం. పని లేదు." రాసిన సూపర్‌వైజర్‌కు ఆ రోజు ఏం జరిగిందో అంతా తెలుసు. రెండు మూడేళ్ళ తర్వాత బిల్లు తగాదా ఆర్బిట్రేటర్ దాకా వెళ్తే మాత్రం ఆ రెండు ముక్కలు దేనికీ జవాబు చెప్పవు. వాన ఎప్పుడు పడింది, ఎంత పడింది, ఏ పని ఆగింది, ఎవరు ఖాళీగా కూర్చున్నారు?

నల్లరేగడి నేలలో ఒక కల్వర్టు కడుతున్నారనుకుందాం. పునాది తవ్వకం సగంలో ఉంది. ఆగస్టు 11న శాఖ ఏఈ వచ్చి, అడుగున మన్ను మెత్తగా ఉంది, కొత్త డ్రాయింగ్ వచ్చేదాకా ఆపండి అన్నారు. నోటిమాటే. డ్రాయింగ్ 19 సాయంత్రం చేతికొచ్చింది. కాంట్రాక్టరు ఇప్పుడు తొమ్మిది రోజుల గడువు పెంపు, ఖాళీగా ఉన్న మనుషులకూ యంత్రాలకూ నష్టపరిహారం అడుగుతున్నాడు. "నేను ఆపమనలేదు, చూసి చేయమన్నాను" అని ఏఈ అంటే?

అందుకే ఆ సాయంత్రం డైరీలో ఇలా ఉండాలి: "11.40కి ఏఈ గారు వచ్చారు. తవ్వకం ఆపమన్నారు. కారణం: అడుగున మెత్తటి మన్ను. మేస్త్రీ, ఎక్స్‌కవేటర్ ఆపరేటర్ పక్కనే ఉన్నారు. 5.30కి ఇదే విషయం ఆఫీసుకు ఈమెయిల్ చేశాం." ముగ్గురి పేర్లూ రాయాలి. ఏఈ మళ్ళీ వచ్చినప్పుడు అదే మాట సైట్ ఆర్డర్ బుక్‌లో ఆయన చేతనే రాయించుకోవాలి. డైరీలో ఉంది కదా అని నోటీసు మానేస్తే మాత్రం మోసపోతాం. ఉదాహరణకు సీపీడబ్ల్యూడీ ఒప్పందంలో ఆటంకం వచ్చిన 14 రోజుల్లోగా గడువు పెంపు అడగాలి. డైరీ ఆ దరఖాస్తుకు రుజువు మాత్రమే, దరఖాస్తు కాదు.

మనుషుల లెక్క దగ్గర చాలామంది తప్పు చేస్తారు. "కూలీలు 24, ఖాళీ" అని రాసేస్తారు. కానీ 11, 12 తేదీల్లో ఆరుగురు రాడ్ బెండింగ్ వాళ్ళు యార్డులో కడ్డీలు వంచుతూనే ఉన్నారు. ఖాళీగా ఉన్నది పద్దెనిమిది మందే. ఆ ఆరుగురు పనిలో ఉన్న ఫొటో ఒక్కటి అవతలి వాళ్ళు చూపిస్తే మిగతా పద్దెనిమిది మందినీ ఎవరూ నమ్మరు. యంత్రానికైతే అవర్ మీటరే సాక్షి. 11న ఎక్స్‌కవేటర్ మీటర్ పొద్దున 4218.6, సాయంత్రం 4221.5. అంటే 2.9 గంటలు నడిచి ఆగింది. 16న దాని హైడ్రాలిక్ గొట్టం పగిలింది, 17 సాయంత్రానికి బాగైంది. ఆ రెండు రోజులూ "ఖాళీ" అని కాకుండా "బ్రేక్‌డౌన్" అనే రాయాలి. డబ్బు పోతుందని చాలామందికి చెయ్యి రాదు. నా మటుకు, డైరీకి విలువ తెచ్చేది తనకు నష్టం చేసే ఇలాంటి పంక్తే.

ఇక వాన. 13 రాత్రి సైట్‌లోని గేజిలో 38 మి.మీ. పడింది. పన్నెండు కిలోమీటర్ల అవతల మండల కేంద్రంలో ఆరే. సొంత గేజి లేకపోతే రికార్డులో ఆ ఆరే మిగులుతుంది. వాతావరణ శాఖ లెక్కతో పోల్చడానికి వీలుగా రోజూ ఉదయం 8.30కే గేజి చూడాలి. నల్లరేగడిలో వాన వెలిసినా పని మొదలవదు కాబట్టి "14: ఎండ. టిప్పర్ గుంటకు ఇరవై మీటర్ల దూరంలో దిగబడింది" అని కూడా రాయాలి. సాధారణంగా వానకు గడువు ఇస్తారు గానీ డబ్బు ఇవ్వరు. ఇక్కడ వాన, డ్రాయింగ్ ఆలస్యం ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఏ రోజు దేనివల్ల పోయిందో విడివిడిగా ఉంటేనే ఆర్బిట్రేటర్ లెక్క తేల్చగలరు.

ఇదంతా ఆ రోజే రాయాలి. 1872 నాటి సాక్ష్య చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 2023 చట్టంలోనూ, సాక్షి తాను సంఘటన జరిగినప్పుడో వెంటనేనో రాసుకున్న కాగితం చూసి జ్ఞాపకం తెచ్చుకోవచ్చు. అవతలి పక్షం ఆ కాగితం అడిగి చూసి, దాని మీదే ప్రశ్నలు వేయొచ్చు. ఆర్బిట్రేటర్‌కు ఆ చట్టం కట్టుబాటు లేకపోయినా, నెల మొత్తం ఒకే పెన్నుతో, ఒకే ఒరవడిలో కూర్చుని నింపిన పుస్తకాన్ని ఇట్టే పసిగడతారు. పేజీ నంబర్లున్న కుట్టు పుస్తకం వాడాలి. తప్పు రాస్తే కింద అక్షరాలు కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం, తేదీ వేయాలి.

అందరూ మరిచేది ఆలస్యం ముగిసిన రోజు. డ్రాయింగ్ 19న 4.50కి వచ్చింది. 20న పంపు పెట్టి గుంటలో నీళ్ళు తోడారు, 21న జారిన మన్ను తీసి అడుగు సరిచేశారు. తవ్వకం మళ్ళీ మొదలైంది 22న. ఆ రెండు రోజుల పని డైరీలో లేకపోతే, ఆలస్యం 19తోనే ముగిసిందని అవతలి వాళ్ళు వాదిస్తారు.