మండువా ఇంట్లో రెండు గదులు

కోనసీమలో మా మావయ్య వాళ్ళది పాత మండువా ఇల్లు. పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళిపోయాక వీధివైపు గదులు రెండూ ఖాళీగా ఉండిపోయాయి. దిండి చూడటానికో, అంతర్వేది దర్శనానికో వచ్చేవాళ్ళకు అవి అద్దెకిద్దామని అత్తయ్య అంది. బుకింగ్ యాప్‌లో పెడితే, కమిషన్ 15 శాతం అనుకున్నా, రెండు వేల గదికి మూడు వందలు పోతాయి. అందుకే సొంతంగా ఒక వెబ్ పేజీ పెట్టుకుందామన్నారు. తయారుచేసే పని నాకు అప్పగించారు.

మొదట పన్నెండు ఫోటోలు, ఒక ఫోన్ నంబరు పెట్టి వదిలేశాను. ఇక ఫోన్లే ఫోన్లు. కొబ్బరి దింపు దగ్గరున్నా, భోజనానికి కూర్చున్నా అవే ప్రశ్నలు: ఎంత? ఏసీ ఉందా? కారు ఎక్కడ పెట్టాలి? పదిమందికి జవాబు చెబితే ఒక్కరు వచ్చేవారు. చూసేవాళ్ళకు ముందే తెలియాల్సినవి పేజీలో లేకపోవడమే కారణం.

ఫోటోలతో మళ్ళీ మొదలుపెట్టాను. ఫోన్‌లో 0.5x అని ఉండే వెడల్పు లెన్స్‌తో తీస్తే పది అడుగుల గది హాలులా కనిపిస్తుంది. అది చూసి నలుగురు కుటుంబంతో వచ్చిన ఒకాయన గుమ్మంలోనే ఆగిపోయి, “ఇదేనా అండీ?” అన్నాడు. అప్పటి నుంచి మామూలు లెన్స్‌తోనే, పొద్దున తొమ్మిది గంటల వెలుతురులో, గది మూల నుంచి ఛాతీ ఎత్తులో ఫోన్ అడ్డంగా పట్టుకుని తీస్తున్నాను. ఫోటో కింద 10×12 అడుగులు అని రాశాం. బాత్‌రూమ్ ఫోటో తప్పకుండా ఉండాలని అత్తయ్య పట్టుబట్టింది. ఆవిడ మాటే నిజమైంది, ఆ ఫోటో పెట్టాక ఆడవాళ్ళ నుంచి వచ్చే ప్రశ్నలు బాగా తగ్గాయి.

ఫోన్ ఫోటో ఒక్కోటి నాలుగు ఎంబీ దాకా ఉంటుంది. పన్నెండూ కలిపితే 48 ఎంబీ, సిగ్నల్ సరిగా లేనిచోట పేజీ తెరుచుకునేలోపే మనిషి వెళ్ళిపోతాడు. వెడల్పు 1600 పిక్సెళ్ళకు కుదిస్తే ఒక్కోటి 300 కేబీ లోపే వస్తుంది, కంటికి తేడా తెలియదు. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఇల్లు ఎక్కడుందో ఫోటోలోనే దాగి ఉంటుంది, తీసేముందు దాన్ని ఆపేయాలి. పేజీలో మాత్రం పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటి రావాలని దారి రాశాం. ఇంటి గుర్తు గది ఖాయమైనవాళ్ళకే పంపుతాం.

అద్దె దగ్గర మావయ్య మొహమాటపడ్డాడు. “ఫోన్ చేస్తే చెబుదాంలేరా” అన్నాడు. ధర కనిపించకపోతే చాలామంది అడగను కూడా అడగరు, అడిగినవాళ్ళు బేరానికి దిగుతారు. చివరికి ఇలా రాశాం: ఇద్దరికి, టిఫిన్‌తో కలిపి, రాత్రికి రెండు వేలు. మూడో మనిషికి పరుపు వేస్తే 400. భోగి నుంచి ముక్కనుమ దాకా మూడు వేలు, కనీసం రెండు రాత్రులు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చే జనానికి ఆ రోజుల్లో ఎక్కడా గది దొరకదు, పైగా మా ఇంట్లోనూ చుట్టాలుంటారు. ఈ ధరలు ఎప్పటిదాకా ఉంటాయో కూడా రాశాం. లేకపోతే పాత పేజీ స్క్రీన్‌షాట్ చూపించి పాత ధరకే అడుగుతారు.

విచారణ కోసం నంబరు బదులు వాట్సాప్ లింకు ఇచ్చాం:

```
https://wa.me/91XXXXXXXXXX?text=తేదీలు:%0Aఎంతమంది:%0Aపిల్లల%20వయసు:
```

నొక్కగానే ఆ మూడు వరుసలూ మెసేజ్‌లో సిద్ధంగా ఉంటాయి, పూరించి పంపితే చాలు. నంబరు ముందు 91 ఉండాలి. ప్లస్ గుర్తు గానీ, సున్నా గానీ పెట్టకూడదు. అందుకే వేరేవాళ్ళ ఫోన్ నుంచి ఒకసారి నొక్కి చూడాలి. లింకు కింద, మెసేజ్ పంపినంత మాత్రాన గది ఖాయమైనట్టు కాదని, అడ్వాన్స్ అందాకే ఖాయమని రాశాం.

ఆ అడ్వాన్స్ దగ్గరే మోసగాళ్ళు కాచుకుని ఉంటారు. సైన్యంలో ఆఫీసర్నని చెప్పి ఒకడు బేరమాడకుండా వారం రోజులకు ఒప్పుకున్నాడు. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి, “స్కాన్ చేసి పిన్ కొట్టండి, అడ్వాన్స్ మీకు పడుతుంది” అన్నాడు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే మన ఖాతాలోంచే పోతుంది. మావయ్య ఫోన్ పెట్టేశాడు. డబ్బు పడినట్టు స్క్రీన్‌షాట్ పంపినా నమ్మడు, బ్యాంకు ఖాతా తెరిచి చూస్తాడు.

ఖాతాలో కనిపించాకే వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీల చుట్టూ అత్తయ్య ఎర్ర సున్నా చుడుతుంది. ఎవరు అడిగినా, ఏ దారిలో అడిగినా, ముందు ఆ క్యాలెండర్ చూశాకే జవాబిస్తారు.