అరువు పెంచమని అడిగే ముందు

యూనిఫాం గుడ్డ అమ్మే ఓ చిన్న దుకాణం ఉందనుకుందాం. హోల్‌సేల్ వ్యాపారి దగ్గర దానికి 4 లక్షల పరిమితి, 30 రోజుల గడువు. నెలకు 4 లక్షల సరుకు తెస్తే సరిగ్గా సరిపోతుంది. బడులు తెరిచే ముందు, మేలో 7 లక్షల సరుకు కావాలి. పరిమితి నిండగానే బిల్లింగ్ ఆగిపోతుంది, సరుకు గోదాములోనే ఉండిపోతుంది.

అందుకే ఏప్రిల్‌లోనే అడగాలి. ‘పాత ఖాతాదారుణ్ణి కదా’ అన్న మాట పెద్దగా పనిచేయదు. ఏడాది లెడ్జర్ తీసి, ప్రతి బిల్లు పక్కనా డబ్బు చేరిన తేదీ రాయండి. 24 బిల్లుల్లో రెండు ఆరు రోజులు ఆలస్యమైతే కారణంతో సహా మీరే చెప్పండి. దాచి లాభం లేదు, ఆయన లెడ్జర్‌లోనూ అవే తేదీలుంటాయి.

తర్వాత నిరుటి మే బిల్లులు, ఈసారి బడులిచ్చిన ఆర్డర్ల కాగితాలు చూపండి. నోటిమాట ఆర్డర్లను లెక్కలో కలపొద్దు. 30 రోజుల్లో తెచ్చే సరుకు 7 లక్షలైతే 7 లక్షలే అడగండి, అదీ జూన్ నెలాఖరు దాకానే. బడుల డబ్బు జూలైలో గానీ రాదంటే మాత్రం పరిమితి పెంచినా చాలదు. గడువు పొడిగించమని అడగాలి.