ప్రతిస్పందన శైలి, మాపన సమానత్వం: రెండు వర్గాల సగటులను ఎప్పుడు పోల్చవచ్చు?

పరిచయం

అరకులోయ మండలంలోని ఒక కొండ గ్రామంలోనూ, మైదానంలోని ఒక గ్రామంలోనూ మీరు ఒకే ప్రశ్నావళితో సర్వే చేశారనుకుందాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంపై ప్రజలకున్న నమ్మకాన్ని కొలవడం మీ ఉద్దేశం. ప్రతి అంశానికీ 1 (అసలు ఒప్పుకోను) నుంచి 5 (పూర్తిగా ఒప్పుకుంటాను) వరకు అంకెలున్నాయి. కొండ గ్రామం సగటు ఎక్కువ వచ్చింది. అంతమాత్రాన 'కొండ గ్రామంలో నమ్మకం బాగానే ఉంది, అక్కడ కొత్తగా ఏమీ చేయనక్కర లేదు' అని నివేదిక రాయవచ్చా? రాసేముందు ఆ అంకెలు ఎలా పుట్టాయో చూడాలి.

1. ప్రతిస్పందన శైలి అంటే ఏమిటి?

ప్రశ్న ఏదైనా సరే, కొందరు 1 లేదా 5 వైపే మొగ్గుతారు. దీన్ని తీవ్ర ప్రతిస్పందన శైలి అంటారు. మరికొందరు 3 దగ్గర ఆగిపోతారు. ఇది మధ్యబిందు శైలి. 1989లో హుయ్, ట్రయాండిస్ అమెరికా నౌకాదళ సిబ్బందిపై చేసిన అధ్యయనంలో, 5 బిందువుల మాపనిపై హిస్పానిక్ వర్గంలో తీవ్ర సమాధానాలు ఎక్కువగా కనిపించాయి. 10 బిందువుల మాపనిపై ఆ తేడా కనిపించలేదు. అంటే శైలి మనుషుల అలవాటుతో పాటు మాపని రూపం మీద కూడా ఆధారపడుతుంది. అందువల్ల ఏ తెగకూ, ఏ వర్గానికీ ఫలానా శైలి ఉంటుందని ముందుగా అనుకోకూడదు. అరకు ప్రాంతంలో తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా, కువి వంటి భాషలు మాట్లాడతారు. ప్రశ్నను నోటితో అనువదించి అడిగినప్పుడు 'కొంతవరకు', 'పూర్తిగా' అనే మాటల మధ్య తేడా చెరిగిపోవచ్చు.

2. ఒక ఉదాహరణ

కింది అంకెలు అభ్యాసం కోసం కల్పించినవి. రెండు గ్రామాల్లోనూ పదేసి మందిని అడిగాం. నిజమైన అభిప్రాయం రెండు చోట్లా ఒక్కటే.

అంశం 1: 'ఆరోగ్య కేంద్రానికి వెళితే మందులు దొరుకుతాయి.' రెండు చోట్లా 8 మంది ఒప్పుకుంటారు, 2 మంది ఒప్పుకోరు. కొండ గ్రామం వారు 5, 1 అంకెలే వాడితే సగటు (40 + 2) ÷ 10 = 4.2. మైదాన గ్రామం వారు 4, 2 వాడితే (32 + 4) ÷ 10 = 3.6.

అంశం 2: 'రాత్రి వెళ్లినా డాక్టరు ఉంటారు.' ఇక్కడ ఒప్పుకునేవారు ఇద్దరే, ఎనిమిది మంది ఒప్పుకోరు. కొండ గ్రామం సగటు (10 + 8) ÷ 10 = 1.8. మైదాన గ్రామం సగటు (8 + 16) ÷ 10 = 2.4.

మొదటి అంశంలో కొండ గ్రామం 0.6 ముందుంది, రెండవదాంట్లో 0.6 వెనుకబడింది. తీవ్ర శైలి సగటును 3 నుంచి దూరంగా నెడుతుంది. మధ్యబిందు శైలి 3 వైపు లాగుతుంది. మాపనిలో మొదటి రకం అంశాలే ఉంటే, లేని నమ్మకం ఉన్నట్టు కనిపిస్తుంది.

3. మాపన సమానత్వ పరీక్ష

రెండు వర్గాలకు కలిపి కారక విశ్లేషణ చేసి, మూడు మెట్లలో పరీక్షిస్తారు.

మొదటి మెట్టు: రెండు వర్గాల్లోనూ అవే అంశాలు ఒకే కారకం కింద చేరుతున్నాయా?
రెండవ మెట్టు: నమ్మకం ఒక ప్రమాణం పెరిగితే ప్రతి అంశం స్కోరు రెండు చోట్లా ఒకే మేర పెరుగుతుందా? అంటే కారక భారాలు సమానమా?
మూడవ మెట్టు: ఒకే స్థాయి నమ్మకం ఉన్నవారు, ఏ వర్గం వారైనా, ప్రతి అంశానికీ సగటున ఒకే స్కోరు ఇస్తారా? అంటే ఆరంభ విలువలు సమానమా?

ఒక్కొక్క సమానత్వాన్ని విధించినప్పుడు నమూనా పొందిక ఎంత తగ్గిందో చూస్తారు. చ్యుంగ్, రెన్స్‌వోల్డ్ 2002లో సూచించిన ప్రకారం సి.ఎఫ్.ఐ. విలువ 0.01 కంటే ఎక్కువ తగ్గితే ఆ సమానత్వం నిలవనట్టే. సగటులను పోల్చాలంటే మూడవ మెట్టు దాటాలి. మన ఉదాహరణలో రెండవ మెట్టు దాటవచ్చు కాని, మూడవ మెట్టులో పట్టుబడుతుంది. 'కొండ గ్రామంలో నమ్మకం ఎక్కువ' అనే ఒక్క వివరణ రెండు అంశాల్లోని వ్యతిరేక తేడాలకు సరిపోదు.

4. పరీక్ష పట్టుకోలేనిది

అన్ని అంశాలూ అంశం 1 వంటివే అయితే ప్రతిదాంట్లోనూ 0.6 తేడా వస్తుంది. పరీక్ష దాన్ని నిజమైన తేడాగా స్వీకరించి మూడు మెట్లూ దాటిస్తుంది. 'మందులు దొరకవు' అని తిరగేసి అడిగినా లాభం లేదు. స్కోరును తిరిగి మార్చగానే మళ్లీ 4.2, 3.6 వస్తాయి. తిరగేసిన వాక్యాలు దేనికైనా 'ఔను' అనే అలవాటును పట్టుకోగలవు కాని, తీవ్ర శైలిని పట్టుకోలేవు.

అందువల్ల మాపనిలో ఎక్కువమంది ఒప్పుకునే అంశాలూ, తక్కువమంది ఒప్పుకునే అంశాలూ రెండూ ఉండాలి. నమ్మకంతో సంబంధం లేని పలు ప్రశ్నల్లో ఒక్కొక్కరు 1, 5, 3 ఎన్నిసార్లు వాడారో లెక్కించాలి. క్షేత్రంలో ముందు 'ఒప్పుకుంటారా, ఒప్పుకోరా' అని, ఆ తరువాత 'కొంచెమా, పూర్తిగానా' అని రెండు దశల్లో అడగడం మేలు. ఇవన్నీ చేశాక కూడా మూడవ మెట్టు నిలవకపోతే, నిలిచిన అంశాల ఆధారంగానే జాగ్రత్తగా పోల్చండి. అవీ చాలకపోతే సగటులను పోల్చడం మానండి. రెండవ మెట్టు నిలిస్తే, నమ్మకానికీ ఆసుపత్రి దూరానికీ గల సంబంధాన్ని రెండు గ్రామాల మధ్య పోల్చవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అంశం 1లో మైదాన గ్రామంలో 4 ఇచ్చిన ఎనిమిది మందిలో నలుగురు 3 వైపు మారితే సగటు ఎంత? (జవాబు: 3.2)
2. తిరగేసిన వాక్యం తీవ్ర శైలిని ఎందుకు బయటపెట్టదు?