దగ్గరి బండ, దూరపు కొండ: ఫోకస్ ఎక్కడ పెట్టాలి?

గండికోట అంచున నిలబడి ఫొటో తీసేవాళ్లకు ఒక చిక్కు ఎదురవుతుంది. ముందు పగుళ్లు తేలిన ఎర్రబండ, లోయ అడుగున పెన్నా, అవతల నిట్టనిలువు రాతిగోడ. గోడమీద ఫోకస్ పెడితే బండ మసకబారుతుంది. బండమీద పెడితే గోడలో నెర్రెలు కనిపించవు. రెంటి నడుమ పెట్టాలి సరే, ఎంత దూరంలో?

లెన్సు కచ్చితంగా ఫోకస్ అయ్యేది ఒక్క దూరంలోనే. దానికి ముందూ వెనకా ఉన్న ప్రతి బిందువూ సెన్సర్ మీద చిన్న వలయంగా పడుతుంది. ఆ వలయం బాగా చిన్నదైతే మన కంటికి తేడా తెలియదు. కనుచూపు చివరి కొండ కూడా ఆ హద్దులోనే ఉండేలా ఎంత దగ్గరగా ఫోకస్ చేయవచ్చో, అదే హైపర్‌ఫోకల్ దూరం. అక్కడ ఫోకస్ చేస్తే దానిలో సగం దూరం నుంచి చివరిదాకా అంతా స్పష్టమే. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 24 మి.మీ. లెన్సుకు ఎఫ్/8 దగ్గర ఇది సుమారు 2.4 మీటర్లు. అదే 50 మి.మీ. లెన్సుకైతే 10 మీటర్లు దాటుతుంది.

పట్టికలు లేకపోయినా పని జరుగుతుంది. ఫ్రేమ్‌లో అన్నిటికన్నా దగ్గరున్న వస్తువు ఎంత దూరంలో ఉందో చూసి, దానికి రెట్టింపు దూరంలో ఫోకస్ చేయండి. బండ కెమెరాకు నాలుగు అడుగుల దూరంలో ఉంటే ఎనిమిది అడుగుల దగ్గరున్న రాయిమీద. కొలత మీ కాళ్ల దగ్గర్నుంచి కాదు, కెమెరా నుంచి. ఫోకస్ కుదిరాక మాన్యువల్‌కు మార్చండి, లేకపోతే బటన్ నొక్కగానే అది మళ్లీ జరిగిపోవచ్చు.

ఇక అపర్చర్. పై లెక్క ప్రకారం ఎఫ్/8 చాలు. కానీ ఆ లెక్క మామూలు సైజు ప్రింటును చేతిలో పట్టుకుని చూసేవారి కోసం వేసింది. గోడకు తగిలించేంత పెద్ద ప్రింటులో దూరపు గోడ మెత్తగా కనిపిస్తుంది. అందుకే ఫోకస్ కదపకుండా ఎఫ్/11కు వెళ్లడం మేలు. ఎఫ్/22 మాత్రం వద్దు. అంత చిన్న రంధ్రంలో కాంతి వంగి చెదిరిపోయి, ఫోకస్ చేసిన చోటు కూడా పదును కోల్పోతుంది. బండ అడుగున్నర దూరంలోనే ఉంటే ఒక్క ఫొటోతో ఆశించవద్దు. రెండడుగులు వెనక్కి జరగండి, లేదా వేర్వేరు ఫోకస్‌లతో తీసి కలపండి.

తీశాక తెరమీద పెద్దది చేసి బండనూ గోడనూ చూడండి. గోడ ఒక్కటే మసకైతే ఫోకస్ కొంచెం దూరం జరపండి. రెండూ సమానంగా మసకైతే అపర్చర్ ఒక మెట్టు తగ్గించండి. ఫోకస్ చేసిన రాయే మసకైతే కెమెరా కదిలిందన్నమాట. అప్పుడు ట్రైపాడ్ తీయండి.