అతికిందో లేదో సుత్తి చెప్పాలి

విజయవాడ ఆటోనగర్ షెడ్లలో సీఓటూ వెల్డింగ్ అనేదీ, మెషిన్ డబ్బా మీద మిగ్ అని ఉండేదీ నేర్చుకునేవాడి చేతికి ఒకటే పని. ట్రిగ్గర్ నొక్కితే రీల్ మీది సన్నటి వైరు గన్‌లోంచి వస్తూనే ఉంటుంది. దాని కొన దగ్గర ఆర్క్ పుడుతుంది. కరిగిన ఇనుముకి గాలి తగలకుండా నాజిల్‌లోంచి వచ్చే గ్యాస్ కాపాడుతుంది. రాడ్డు అంటుకుపోవడం, స్లాగ్ కొట్టుకోవడం ఉండవు కాబట్టి ఒక పూటలోనే చూడముచ్చటైన బీడ్ వచ్చేస్తుంది. నా భయం కూడా దాని గురించే. రాడ్డు వెల్డింగ్ చేతకాకపోతే చూడగానే తెలుస్తుంది. మిగ్‌లో మాత్రం ప్లేటులోకి అసలు దిగని బీడ్ కూడా పైకి నున్నగా మెరుస్తుంది.

అందుకని కొత్తవాళ్లు గేటు మీదా గ్రిల్లు మీదా కాకుండా, రెండు ముక్కల మీద మొదలుపెట్టాలి. మూడు మిల్లీమీటర్ల ఎమ్మెస్ ప్లేటు తీసుకుని 15 సెంటీమీటర్ల పొడవున రెండు ముక్కలు కోయండి. ఒకటి పడుకోబెట్టి, రెండోదాన్ని దాని మధ్యలో నిలబెట్టి, రెండు చివర్లా చిన్న టాక్ వేయండి. అంతకు ముందే వెల్డ్ పడే చోట నల్లటి పొరని గ్రైండర్‌తో తీసేసి తెల్లటి ఇనుము కనిపించేలా చేయాలి. మిగ్ వైరుకి రాడ్డు మీద ఉండే ఫ్లక్స్ లేదు, మురికిని తేల్చి పక్కకి నెట్టేది ఏమీ ఉండదు.

వైరు 0.8 మిల్లీమీటర్లది, గ్యాస్ కార్బన్ డయాక్సైడ్, నిమిషానికి 12 లీటర్లు. గన్ ప్లస్‌కి, ఎర్త్ మైనస్‌కి. ప్లేటు మందం ప్రతి మిల్లీమీటరుకీ సుమారు 40 ఆంపియర్లు అనుకుంటే, మన ముక్కకి 120 ఆంపియర్లు కావాలి. మిగ్‌లో ఆంపియర్లని నిర్ణయించేది వైరు వేగమే. వైరు ఎంత వేగంగా వస్తే దాన్ని కరిగించడానికి మెషిన్ అంత కరెంటు పంపుతుంది. కొన్ని మెషిన్ల మీద ఆ నాబ్‌కి కరెంట్ అని రాసి ఉంటుంది, తిప్పితే మారేది మాత్రం వైరు వేగమే. 0.8 వైరుకి 120 ఆంపియర్లంటే నిమిషానికి ఆరు మీటర్లకి అటూఇటూగా ఉంటుంది. వోల్టేజి 19 దగ్గర పెట్టి మొదలుపెట్టండి.

నాబ్ మీది అంకెలని నమ్మకండి, కొలిచి చూడండి. గ్యాస్ కట్టేసి, ఎర్త్ క్లాంప్ తీసేసి, గన్‌ని మనుషులవైపు కాకుండా పట్టుకుని సరిగ్గా ఆరు సెకన్లు ట్రిగ్గర్ నొక్కండి. బయటికొచ్చిన వైరు 60 సెంటీమీటర్లు ఉంటే నిమిషానికి ఆరు మీటర్లు వస్తున్నట్టు.

మిగతాది చెవి చెబుతుంది. సెట్టింగు కుదిరితే కాగిన నూనెలో వడియాలు వేగుతున్నట్టు ఎడతెగని చిటపట వినిపిస్తుంది. వైరు సెకనుకి పదుల సార్లు ప్లేటుని తాకి, కరిగి, తెగుతుండగా వచ్చే చప్పుడది. వైరు ఎక్కువైతే అది కరగకుండానే ప్లేటుకి గుచ్చుకుని గన్‌ని వెనక్కి నెడుతుంది, టకటకమని చేతికి తెలుస్తుంది. తక్కువైతే చిటపట పోయి బుస్సుమంటుంది, వైరు కొనన గుండు కడుతుంది, ఒక్కోసారి మంట వెనక్కి పాకి టిప్‌కే వైరు అంటుకుపోతుంది. వోల్టేజిని కదపకుండా వైరు నాబ్‌నే కొంచెం కొంచెం తిప్పుతూ ఆ చిటపటని పట్టుకోవాలి.

టిప్‌లోంచి బయటికి ఉన్న వైరు పొడవుని స్టిక్ అవుట్ అంటారు. అది పది మిల్లీమీటర్లు ఉండాలి, చిటికెన వేలి గోరంత అనుకోండి. చేతులు అలిసేకొద్దీ గన్ తెలియకుండానే పైకి లేస్తుంది, పది కాస్తా ఇరవై అవుతుంది. అప్పుడు పొడవైన వైరు దారిలోనే వేడెక్కి మెత్తబడుతుంది, కరిగించడానికి తక్కువ కరెంటు చాలు కాబట్టి ఆంపియర్లు పడిపోతాయి. బీడ్ అలాగే పడుతూ ఉంటుంది, ప్లేటు మాత్రం లోతుగా కరగదు. నాజిల్ దూరమై గ్యాస్ కూడా చెదిరిపోతుంది, బీడ్ మీద సూదితో పొడిచినట్టు రంధ్రాలు వస్తాయి. ఎండాకాలంలో మన షెడ్లలో తిరిగే ఫ్యాను కూడా ఇదే పని చేస్తుంది. అలాగని తలుపులు మూసుకుని చేయకూడదు, పొగా గ్యాసూ గదిలో నిలిచిపోతాయి. ఫ్యాను గాలి వెల్డ్ మీదికి రాకుండా, పొగని బయటికి లాగేలా అమర్చుకోవాలి.

ఇక చేతి వేగం. గన్‌ని రెండు ప్లేట్ల మధ్య మూలకి 45 డిగ్రీల్లో పట్టి, నడిచే వైపుకి పది పదిహేను డిగ్రీలు వాల్చండి. ఎంత వేగంగా నడపాలో లెక్క కట్టొచ్చు. ఆరు మీటర్ల వైరు కరిగితే సుమారు మూడు ఘన సెంటీమీటర్ల ఇనుము వస్తుంది. రెండు వైపులా నాలుగు మిల్లీమీటర్ల చొప్పున ఎక్కే బీడ్‌కి, పైన కొంచెం ఉబ్బుతో కలిపి, ఆ ఇనుము 30 సెంటీమీటర్లకి పైచిలుకు వస్తుంది. అంటే మన 15 సెంటీమీటర్ల ముక్క అర నిమిషంలో పూర్తవ్వాలి. ఆర్క్ వెలిగించకుండా పక్కన ఒకరు సెకన్లు లెక్కపెడుతుంటే నాలుగుసార్లు గన్ నడిపి చూడండి, చేతికి అలవాటవుతుంది.

నెమ్మదిగా నడిపితే బాగా అతుకుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. నెమ్మదిస్తే కరిగిన ఇనుము మడుగై ఆర్క్ కన్నా ముందుకి పారుతుంది, ఆర్క్ ప్లేటు మీద పడాల్సింది ఆ మడుగు మీద పడుతుంది. వేడంతా మడుగులోనే ఆగిపోతుంది, కింద చల్లగా ఉన్న ప్లేటు మీద ఇనుము ఊరికే పరుచుకుంటుంది. కాబట్టి పది లేక పదకొండు నంబరు అద్దంలోంచి చూసేటప్పుడు కళ్లు మెరుపు మీద కాక మడుగు ముందంచు మీద ఉండాలి, వైరు ఆ అంచునే తాకుతూ ఉండాలి. మరీ వేగంగా పోతే బీడ్ తాడులా సన్నబడి, దాని పక్కన ప్లేటుకి గాడి పడుతుంది. అది కంటికి దొరికిపోయే తప్పు.

ఒక వైపే వెల్డ్ చేసిన ముక్కని చల్లారాక వైసులో బిగించి, నిలువు ప్లేటుని వెల్డ్ లేని వైపు నుంచి కొట్టి బీడ్ మీదికి మడవండి. మంచి వెల్డ్ అయితే ప్లేటు వంగి పడుకుంటుంది, లేదా చిరిగినచోట మూల దాకా గరుకైన బూడిదరంగు కనిపిస్తుంది. అతకని వెల్డ్ ఒకటి రెండు దెబ్బలకే మూల నుంచి ఊడిపోతుంది, కింద ప్లేటు మీద మీ గ్రైండర్ గీతలు చెక్కుచెదరకుండా అలాగే ఉంటాయి.

ఇదే సెట్టింగుతో ఆరు మిల్లీమీటర్ల ప్లేటు మీద కూడా ఒకటి వేసి చూడండి. చప్పుడు అదే వినిపిస్తుంది, బీడ్ అంతే అందంగా వస్తుంది, సుత్తి కింద మాత్రం చాలాసార్లు ఆ గీతలే బయటపడతాయి. మందం ప్లేటు వేడిని లాగేసుకుంటుంది. అక్కడ వైరుని తొమ్మిది పది మీటర్లకీ, వోల్టేజిని 22 దగ్గరికీ పెంచి మళ్లీ విరిచి చూడాలి. చిన్న మెషిన్ అంత ఇవ్వలేకపోతే, ఆ ప్లేటు పని దానిది కాదు. విరగని ముక్క దొరికాక దాని మీదే వైరు వేగం, వోల్టేజి, పట్టిన సెకన్లు మార్కర్‌తో రాసి మెషిన్ పక్కన తగిలించుకోండి.