దిమ్మ ఏ వాలులో జారుతుంది?

చెక్క పలక మీద చెక్క దిమ్మ పెట్టి, పలకను ఒకవైపు మెల్లగా ఎత్తుతూ పోతే కాసేపు దిమ్మ కదలదు. ఒక వాలు దాటగానే జారిపోతుంది. ఆ కోణం ఎంతో ముందే లెక్కగట్టవచ్చు.

దిమ్మ బరువు వాలుపై రెండు పనులు చేస్తుంది. ఒక భాగం, mg sin θ, దిమ్మను కిందికి లాగుతుంది. రెండోది, mg cos θ, పలకకు అదుముతుంది. ఘర్షణ గరిష్ఠంగా ఆ అదుముడుకు μ రెట్లు మాత్రమే నిలువరించగలదు. ఇక్కడ μ అంటే స్థైతిక ఘర్షణ గుణకం. జారబోయే క్షణంలో లాగుడూ నిలువరింపూ సమానం:

mg sin θ = μ mg cos θ

రెండువైపులా mg కొట్టివేస్తే tan θ = μ మిగులుతుంది. అంటే దిమ్మ బరువైనా తేలికైనా కోణం మారదు.

μ విలువ 0.4 అనుకుందాం. అప్పుడు θ సుమారు 21.8 డిగ్రీలు. మీటరు పొడవున్న పలక పైకొస 37 సెంటీమీటర్లు లేచేసరికి దిమ్మ జారాలి. ఎత్తును పలక పొడవుతో భాగిస్తే వచ్చేది sin θ. μ కావాలంటే నేల మీది అడ్డదూరంతో, అంటే సుమారు 93 సెంటీమీటర్లతో, భాగించాలి.

దిమ్మ సన్నగా, పొడుగ్గా ఉంటే ఈ లెక్క పనిచేయదు. వాలు దిశలో అడుగు వెడల్పు 3, ఎత్తు 10 సెంటీమీటర్లైతే, సుమారు 17 డిగ్రీలకే అది జారకుండా బోర్లాపడుతుంది. కాబట్టి ప్రయోగానికి పొట్టి దిమ్మనే తీసుకోండి, పలకను కుదుపు లేకుండా ఎత్తండి.