అయిదో స్టెప్పు చదివేలోపే మూత తెరిచేస్తే?

మా అమ్మ ముప్పై ఏళ్లుగా గ్యాస్ పొయ్యి మీద ప్రెషర్ కుక్కర్ వాడుతోంది. హాల్లో సీరియల్ చూస్తున్నా సరే, మూడో కూతకి లేచి వెళ్లి పొయ్యి కట్టేస్తుంది. ఈమధ్య ఒకట్రెండు సార్లు కూతలు వినపడక పప్పు మాడిపోయింది. తణుకులో ఒక్కతే ఉంటుంది కదా అని, మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఒక ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లాను. టైమ్ అయిపోతే దానంతట అదే ఆగిపోతుంది. సమస్య తీరిపోయిందనుకున్నా.

పెట్టె తెరిచి, మాన్యువల్‌లో తెలుగు పేజీలు తీసి చదివితే నాకే భయమేసింది.

నా ఉద్యోగంలో రోజూ చేసేది ఇతరులు రాసిన కోడ్ చదివి తప్పులు పట్టడం. అందులో మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఈ లైన్ నడిచే సమయానికి ఏది అప్పటికే జరిగి ఉండాలి? అది నిజంగా జరిగిందా? మాన్యువల్ కూడా అంతే. నడిపేది కంప్యూటర్ కాదు, మనిషి. అదే తేడా. కంప్యూటర్ తప్పు లైన్ నడిపితే ఎర్రర్ వస్తుంది. అమ్మ తప్పు స్టెప్పు చేస్తే చెయ్యి కాలుతుంది.

మాన్యువల్‌లో 'వాడే విధానం' కింద ఉన్నది దాదాపుగా ఇది. ఒకటి, లోపలి గిన్నెలో పదార్థాలు, నీళ్లు వేసి కుక్కర్‌లో పెట్టండి. రెండు, మూత పెట్టి లాక్ చేయండి. మూడు, ప్లగ్ పెట్టి మెనూ ఎంచుకోండి. నాలుగు, బీప్ శబ్దం వచ్చాక వంట పూర్తయినట్టు, మూత తెరవండి. అయిదు, తెరిచే ముందు వాల్వ్‌ను 'వెంటింగ్' వైపు తిప్పి ఆవిరిని బయటకు పంపండి. ఆరు, వంట మొదలుపెట్టే ముందు వాల్వ్ 'సీలింగ్' వైపు ఉన్నట్టు చూసుకోండి.

అంటే ఆరోది మూడోదాని కంటే ముందు చేయాలి. అయిదోది నాలుగోదాని కంటే ముందు. చదివేవాళ్లు మొత్తం చదివి, అర్థం చేసుకుని, ఆ తర్వాత మొదలుపెడతారులే అని రాసినవాళ్లు అనుకుని ఉంటారు. వంటింట్లో అలా ఎవరూ చేయరు. ఒక స్టెప్పు చదువుతారు, పని చేస్తారు, చెయ్యి తుడుచుకుని వచ్చి రెండోది చదువుతారు.

ఈ రెండు తారుమార్ల వల్ల జరిగేవి ఒకటి కాదు. వాల్వ్ సీలింగ్‌లో లేకపోతే ఆవిరి పోతూనే ఉంటుంది, ప్రెషర్ ఎక్కదు, పప్పు ఉడకదు. చిరాకు తప్ప ప్రమాదం తక్కువ. నాలుగో స్టెప్పు సంగతి వేరు. మా కుక్కర్ వెనక స్టిక్కర్ మీద 70 కిలోపాస్కల్ అని ఉంది. ఆ ప్రెషర్‌లో నీళ్లు సుమారు 115 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, అయినా నీళ్లుగానే ఉంటాయి. మూత ఒక్కసారిగా తెరుచుకుంటే ప్రెషర్ పడిపోతుంది. ఆ పై 15 డిగ్రీల వేడి ఎక్కడికీ పోలేదు కాబట్టి, గిన్నెలోని నీళ్లు పైనా కిందా అంతటా ఒకేసారి మరిగి ఆవిరవుతాయి. పప్పంతా ఎగిరి మొహం మీదకి వస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇలాంటి కుక్కర్ల మూతలో ఒక చిన్న పిన్ను ఉంటుంది. లోపల ప్రెషర్ ఉన్నంతసేపూ అది పైకి లేచి మూతని తిరగనివ్వదు. కాబట్టి నాలుగో స్టెప్పు అలాగే పాటించినా మామూలుగా మూత రాదు. కానీ మూత రాకపోతే మనమేం చేస్తాం? పాత కుక్కర్ మూత ఇరుక్కుంటే చేసేదే: గట్టిగా తిప్పుతాం. మాన్యువల్ 'తెరవండి' అంటోంది కాబట్టి తెరుచుకోవాలి కదా అనుకుంటాం. పప్పు నురగ ఎండి ఆ పిన్ను పైన ఇరుక్కుంటే ప్రెషర్ లేకపోయినా మూత రాదు. అలా రెండుసార్లు బలవంతంగా తీసిన అలవాటు, మూడోసారి నిజంగా ప్రెషర్ ఉన్నప్పుడు కూడా పనిచేస్తుంది. పిన్ను ఇరుక్కుందో లేదో తెలుసుకోవడం సులువే. కుక్కర్ చల్లారాక మూత తిరగేసి వేలితో పైకీ కిందకీ కదిపితే తేలిగ్గా ఆడాలి. ఆడకపోతే కడగాలి. ఈ మాట మాన్యువల్‌లో ఎక్కడా లేదు.

కాగితం మీద ఇవి పట్టేసి నేను బాగా గర్వపడ్డాను. అసలు ప్రమాదం నా కంట పడనేలేదని తర్వాత తెలిసింది.

ప్లగ్ పెట్టకుండా ఒకసారి నడిపి చూద్దామని అమ్మని పిలిచాను. నేను ఒక్కో స్టెప్పు చదువుతాను, నువ్వు అది మాత్రమే చెయ్యి, నీకు తెలిసింది ఏదీ చెయ్యకు అన్నాను.

"తెలిసింది చెయ్యకుండా ఎలా ఉంటాంరా?" అంది అమ్మ.

మొదటి స్టెప్పు చదివాను. అమ్మ నల్ల గిన్నె చేతిలోకి తీసుకుంది, అందులో బియ్యం వేసింది, నీళ్లు పోసింది. తర్వాత గిన్నె పక్కన పెట్టి, ఇంకో గ్లాసుడు నీళ్లు తీసుకుని నేరుగా కుక్కర్ బాడీలో పోయబోయింది. ఆ చెయ్యి పట్టుకునేలోపు కాస్త ఒలికింది కూడా.

"అదేంటమ్మా!"

"అడుగున నీళ్లు పొయ్యకుండా గిన్నె పెడితే మాడిపోదా?"

అమ్మ తప్పేం లేదు. మన ఇళ్లలో కుక్కర్ అంటే అదే కదా. అడుగున నీళ్లు పోస్తాం, వాటిలో గిన్నెలు పెడతాం, కింద పప్పు, పైన అన్నం. 'లోపలి గిన్నె' అనగానే ఆమెకి గుర్తొచ్చింది ఆ గిన్నె. ఎలక్ట్రిక్ కుక్కర్లో అడుగున ఉండేది హీటింగ్ ప్లేటు. దాని మధ్యలో వేడిని కొలిచే సెన్సర్, కింద వైర్లు ఉంటాయి. అక్కడ నీళ్లు పోస్తే అవి లోపలికి దిగుతాయి. ప్లగ్ పెట్టి ఉంటే షార్ట్ సర్క్యూట్ కావచ్చు, షాక్ కొట్టొచ్చు. మాన్యువల్‌లో దీనికి దగ్గరగా ఉన్న వాక్యం ఒకే ఒక్కటి, చివరి పేజీలో 'శుభ్రపరచడం' కింద: 'బయటి భాగాన్ని నీటిలో ముంచరాదు'. ముంచకూడదని చెప్పారు. పోయకూడదని చెప్పలేదు.

నేను ఇది ఎందుకు చూడలేదంటే, హాస్టల్ రోజుల నుంచి రైస్ కుక్కర్ వాడినవాణ్ణి. ఏ గిన్నె ఎక్కడిదో నాకు ముందే తెలుసు. అందుకే మాన్యువల్‌ని తెలిసినవాడు చదివి ఓకే చెప్తే సరిపోదు. తెలియనివాళ్లు, ఇంకా మంచిది వేరే పరికరం బాగా తెలిసినవాళ్లు, చేస్తుండగా చూడాలి. వాళ్ల చెయ్యి ఎటు వెళ్తుందో అక్కడే హెచ్చరిక ఉండాలి.

హెచ్చరిక ఎక్కడ ఉండాలన్నదానికి కొత్త సిద్ధాంతమేం అక్కర్లేదు. వాడకం సూచనలు ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణమే ఒకటుంది, ఐఈసీ 82079-1 అని. అమెరికాలో మాన్యువల్స్‌లోని హెచ్చరికల కోసం అన్సీ జడ్535.6 అని ఇంకోటి ఉంది. హెచ్చరికలన్నీ మొదటి పేజీలో గుదిగుచ్చి వదిలేయకుండా, అవసరమైనవి ఆ స్టెప్పుల మధ్యలోనే పెట్టే పద్ధతి అందులో ఉంది. ప్రమాదం ఏమిటి, పట్టించుకోకపోతే ఏమవుతుంది, తప్పించుకోవాలంటే ఏం చేయాలి, ఈ మూడూ చెప్పాలి. 'జాగ్రత్తగా వాడండి' అంటే ఈ మూడింటిలో ఒక్కటి కూడా చెప్పినట్టు కాదు.

సాయంత్రం కూర్చుని ఆ పేజీ తిరగరాశాను. మొదటి స్టెప్పుకి ముందే: 'కుక్కర్ బాడీలో నేరుగా నీళ్లు పోయకండి. షాక్ కొట్టొచ్చు. నీళ్లు, బియ్యం అన్నీ లోపలి గిన్నెలోనే.' తర్వాత గిన్నె అడుగు గుడ్డతో తుడిచి పెట్టమని. ఎంత నింపాలో మాన్యువల్ చివర్లో ఉంది, దాన్ని ముందుకి తెచ్చాను: మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ వద్దు, పప్పు అయితే సగం దాకానే. పప్పు పొంగుతుంది, ఆ నురగ వాల్వ్‌కి అడ్డం పడుతుంది. సగానికి మించి పోసి, బీప్ రాగానే వాల్వ్ తిప్పితే ఆవిరితో పాటు వేడి వేడి కట్టు చిమ్ముతుంది. అందుకే పప్పుకి వాల్వ్ తిప్పకుండా ప్రెషర్ దానంతటదే దిగేదాకా ఆగాలని రాశాను. అన్నానికైతే వాల్వ్ తిప్పొచ్చు. కానీ చేత్తో కాదు, గరిటె కాడతో, మొహం పక్కకి పెట్టి.

మర్నాడు పక్కింటి పిన్నితో నా పేజీని పరీక్షించాను. ఈసారి ప్లగ్ పెట్టి, గిన్నెలో మూడు కప్పుల నీళ్లు మాత్రమే పోసి. అన్నీ సవ్యంగా జరిగాయి, 'ఆవిరి పూర్తిగా పోయాక మూత తెరవండి' దాకా. పిన్ని అక్కడ ఆగిపోయింది.

"పూర్తిగా పోయిందని ఎలా తెలుస్తుంది బాబూ? చప్పుడు ఆగితే చాలా?"

నిజమే, చప్పుడు ఆగితే చాలదు. వాల్వ్‌కి ఏదైనా అడ్డం పడ్డా చప్పుడు ఆగుతుంది, ప్రెషర్ లోపలే ఉంటుంది. నేను కంపెనీని తిట్టిన తప్పే నేనూ చేశాను. ఏది జరిగి ఉండాలో చెప్పాను, జరిగిందని కంటికి ఎలా తెలుస్తుందో చెప్పలేదు. 'చప్పుడు ఆగాక, పిన్ను కిందకి దిగడం చూశాకే మూత తిప్పండి. తిరగకపోతే బలవంతం చేయకుండా ఇంకాసేపు ఆగండి' అని మార్చాను.

ఈ విషయంలో పాత కుక్కర్లే నయం అనిపిస్తుంది. వెయిట్ విడిగా వచ్చే కుక్కర్లో ముందు మూత పెట్టి, గొట్టం నుంచి ఆవిరి ధారగా వచ్చాకే వెయిట్ పెడతాం. ఆ వరుసలోనే పరీక్ష ఉంది. ఆవిరి వచ్చిందంటే గొట్టం మూసుకుపోలేదని కళ్ల ముందే తెలిసిపోతుంది. వెయిట్ ముందే పెట్టేసే అలవాటున్నవాళ్లు ఆ పరీక్షని దాటేస్తున్నారన్నమాట.

తప్పులన్నీ పేజీ నంబర్లతో సహా కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టాను. టికెట్ నంబర్ వచ్చింది. రెండు వారాలకి 'మీ సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్ కూడా వచ్చింది. కంపెనీ వెబ్‌సైట్లో మాన్యువల్ మాత్రం అదే ఉంది, నాలుగు తర్వాత అయిదు. నిజానికి నీళ్లు పోసే సమస్యకి మాన్యువల్ మార్చడం కంటే మంచి దారి ఉంది. గిన్నె తీయగానే కనపడేలా ఆ హీటింగ్ ప్లేటు పక్కనే 'ఇక్కడ నీళ్లు పోయకండి' అని ముద్రించడం. చూద్దాం.

నా పేజీని లామినేట్ చేసి వంటింటి గోడకి అంటించి వచ్చాను. నిన్న వీడియో కాల్‌లో చూస్తే దాని మీద 'లోపలి గిన్నె' అన్న చోటల్లా పెన్నుతో కొట్టేసి ఉంది. పైన అమ్మ రాత: 'నల్ల గిన్నె'.